గంటలో లేని 2650 హెర్ట్జ్: మాట్‌ల్యాబ్ రిపోర్టులో దూరిన దొంగ పీక్, సార్‌కి పెట్టిన మెసేజ్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

నేను పర్లాకిమిడిలో ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాను. డీఎస్పీ ల్యాబ్‌లో ఒక రిపోర్టు ఇచ్చేశాక, అందులో నేను రాసిన ఒక ఫ్రీక్వెన్సీ అసలు లేనే లేదని తేలింది. ఆ సంగతి చెబుతూ ల్యాబ్ సార్‌కి ఒక మెసేజ్ పెట్టాను. అప్పట్నుంచి పాతపట్నం, కాశీనగర్, గుణుపురం వైపు నుంచి వచ్చిన జూనియర్లు ఒకరి తర్వాత ఒకరు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ హాస్టల్ మెట్ల మీద కూర్చుని చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇంతకీ ఏం జరిగింది?

ఇష్టమైన చప్పుడు ఒకటి రికార్డు చేసి, దాన్ని 8000 హెర్ట్జ్ సాంప్లింగ్ రేటుకి తగ్గించి, స్పెక్ట్రంలో ఎత్తైన రెండు పీకులు రాయమన్నారు. నేను కాశీనగర్ వెళ్లినప్పుడు మామ్మ పూజగంట కొట్టి ఫోన్లో రికార్డు చేశాను. ఫోన్ 48000 హెర్ట్జ్ దగ్గర వేవ్ ఫైలు ఇచ్చింది. 48000ని 6తో భాగిస్తే 8000 కాబట్టి, ఆరింటికి ఒక సాంపుల్ ఉంచి మిగతావి వదిలేశాను. అంతే, అదే నా తప్పు:

```matlab
[x, fs] = audioread('ganta.wav');
x = x(:,1);
[~, s] = max(abs(x));
x = x(s : s+fs-1);      % ఒక సెకను
y = x(1:6:end);         % తప్పు ఇక్కడ
fy = fs/6;
```

స్పెక్ట్రంలో 1980 దగ్గర ఒక పీక్, 2650 దగ్గర ఇంకోటి వచ్చాయి. రెండూ రాసి, సంతకం పెట్టించుకుని, రికార్డు ఇచ్చేశాను. వైవాకి ముందు రోజు రాత్రి ఎందుకో 48000 ఫైలునే నేరుగా గీసి చూశాను. 1980 ఉంది. 2650 దగ్గర ఏమీ లేదు, చదునుగా ఉంది. దాని బదులు 5350 దగ్గర ఒక పీక్ నిలబడి ఉంది. అప్పుడు టెన్షన్ మొదలైంది.

5350 ఉండాల్సింది 2650 ఎలా అయింది?

8000 రేటులో సగం 4000. అంతకన్నా పైనున్న ఫ్రీక్వెన్సీని ఆ రేటు దగ్గర తీసిన సాంపుల్స్ పట్టుకోలేవు. పట్టుకోలేవంటే మాయమైపోతుందని కాదు, వేరే చోట తేలుతుంది. 5350 తేలే చోటు 8000 − 5350, అంటే 2650.

దీన్ని గోడ గడియారంతో చూస్తే తేలిగ్గా పట్టుబడుతుంది. గంటల ముల్లు ఒక్కదాన్నే చూడండి. సరిగ్గా 11 గంటలకోసారి మాత్రమే గడియారం వైపు చూస్తే మొదట 12, తర్వాత 11, తర్వాత 10, తర్వాత 9 కనిపిస్తుంది. ముల్లు నిజంగా ముందుకే తిరుగుతోంది, కానీ మీరు చూసినంతవరకు అది ఒక్కో గంట వెనక్కి నడుస్తోంది. చూసిన ఆ క్షణాలే మీ దగ్గరుంటే, ముల్లు వెనక్కి తిరగలేదని నిరూపించడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఇలా ఒక ఫ్రీక్వెన్సీ మడతపడి ఇంకో ఫ్రీక్వెన్సీలా కనిపించడాన్నే ఎలియాసింగ్ అంటారు, అందులో గట్టి విషయం ఇదే. సాంపుల్స్ పరంగా 5350కి, 2650కి తేడాయే లేదు. నమ్మకం కుదరకపోతే ఇది నడపండి:

```matlab
n = 0:15;
a = cos(2*pi*5350*n/8000);
b = cos(2*pi*2650*n/8000);
max(abs(a-b))
```

జవాబు అచ్చంగా సున్నా రాదు, 10^-14 చుట్టుపక్కల ఏదో వస్తుంది. అది కంప్యూటర్ దశాంశాల గుండ్రింపు. రెండు వరసలూ ఒకటే.

మెసేజ్‌లో ఏం రాశారు? మొత్తం పెట్టగలరా?

పెడుతున్నాను. మా సార్‌ది శ్రీకాకుళం జిల్లా, బయట తెలుగులోనే మాట్లాడతారు కాబట్టి తెలుగులో రాశాను. రిపోర్టు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. మీ ల్యాబ్ సార్ ఒడియా వారైతే ఇదే వరసని ఇంగ్లీషులో రాసుకోండి. నా ల్యాబ్ పార్ట్‌నర్ అలాగే చేశాడు.

> నమస్తే సార్. మంగళవారం ఇచ్చిన గంట శబ్దం రిపోర్టులో ఒక తప్పు కనిపించింది సార్. తప్పు నాదే, రికార్డింగ్‌ది కాదు.
>
> రిపోర్టు 4వ పేజీలో గంటకి 1980, 2650 హెర్ట్జ్ అని రెండు పీకులు రాశాను. వాటిలో 2650 గంటలో లేదు సార్. 48000 దగ్గరున్న అసలు ఫైలు స్పెక్ట్రంలో ఆ చోట ఏమీ లేదు, పీక్ 5350 దగ్గర ఉంది. నేను x(1:6:end) అని నేరుగా సాంపుల్స్ తీసేశాను, ముందు లోపాస్ ఫిల్టర్ వేయలేదు. 5350 మడతపడి 8000 − 5350 = 2650 దగ్గరికి వచ్చిందని అనుకుంటున్నాను.
>
> అనుకోవడంతో ఆపకుండా మూడు రకాలుగా చూశాను సార్. ఒకటి, అదే ఫైల్లో 6 బదులు 5 పెట్టాను. రేటు 9600 అయింది, దొంగ పీక్ 4250కి జరిగింది, 9600 − 5350 కూడా అంతే. 4 పెడితే రేటు 12000, అప్పుడు 5350 తన చోటే కనిపించింది. 1980 మాత్రం మూడింట్లోనూ కదల్లేదు. రెండు, స్పెక్ట్రోగ్రాంలో 2650 గీత సుమారు 0.4 సెకన్లలో ఆరిపోతోంది, అసలు ఫైల్లో 5350 గీత కూడా అంతే. 1980 మాత్రం ఒక సెకను దాటినా వినిపిస్తూనే ఉంది. మూడు, decimate(x,6) వాడితే 2650 దగ్గర పీక్ పోయింది.
>
> సరిచేసిన పేజీ, రెండు గ్రాఫులు, కోడ్ జతచేశాను సార్. 8000 దగ్గర గంటకి నికరంగా చెప్పగలిగేది 1980 ఒక్కటే. రెండో పీక్ 5350 అని రాయాలంటే 12000 రేటు గ్రాఫు చూపించాలి. రికార్డులో ఏది ఉంచమంటారో చెప్పండి సార్. పాత పేజీ కొట్టేయకుండా అలాగే ఉంచి, పక్కన సవరణ రాయమన్నా రాస్తాను.

“తప్పు నాదే” అని మొదట్లోనే రాస్తే మార్కులు పోవా?

నాకు పోలేదు, మీకు పోవని మాత్రం చెప్పలేను. కానీ చివర్లో రాసినా తప్పు తప్పే కదా. పైగా సార్‌కి 60 రికార్డులుంటాయి. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి విషయం తెలియకపోతే మిగతాది చదవరు.

మడత వల్ల వచ్చిన పీకా, నిజమైన పీకా, ఎలా తేల్చాలి?

ఆ మెసేజ్‌లో పనికొచ్చే ముక్క ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక్క గ్రాఫు చూసి ఎవరూ తేల్చలేరు. సాంప్లింగ్ రేటు మార్చి చూడాలి. గంటలో నిజంగా ఉన్న ఫ్రీక్వెన్సీకి మీ రేటుతో సంబంధం లేదు, అది కదలదు. దొంగ పీక్ మీ రేటుకి కట్టేసి ఉంటుంది, రేటు మారితే అదీ జరుగుతుంది. ఎక్కడికి జరుగుతుందో కూడా ముందే లెక్క కట్టొచ్చు:

```matlab
f = 5350;
fy = [12000 9600 8000];
abs(f - round(f./fy).*fy)
```

దీనికి 5350, 4250, 2650 వస్తాయి. గ్రాఫు చూశాక లెక్క కట్టడం కాదు, లెక్క కట్టి కాగితం మీద రాసుకుని అప్పుడు గ్రాఫు చూడండి. ముందు గ్రాఫు చూస్తే మన మెదడు ఏదో ఒక లెక్క కుదిర్చేస్తుంది. నాకు మొదట అదే జరిగింది. 2650 చూసి “1980ని మూడుతో భాగించి నాలుగుతో గుణిస్తే 2640 కదా, దగ్గరగానే ఉంది, ఏదో హార్మోనిక్ అయ్యుంటుంది” అని ఒక అందమైన కథ అల్లుకున్నాను. గంటలో హార్మోనిక్స్ అలా వరసగా ఉండవని కూడా గుర్తు రాలేదు.

రెండో ఆనవాలు ఆరిపోయే వేగం. గంట కొట్టగానే పై స్వరాలు త్వరగా చస్తాయి, కింది స్వరం చాలాసేపు మోగుతుంది. 5350 మడతపడి 2650 దగ్గర కూర్చున్నా, దాని ఆయువు మారదు. కాబట్టి కింద ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ పై స్వరంలా గబుక్కున ఆరిపోతుంటే అనుమానించాలి. ఎత్తు కూడా అంతే. ఫిల్టర్ లేకుండా సాంపుల్స్ తీసేస్తే దొంగ పీక్ ఎత్తు తగ్గదు. నా ఫైల్లో 5350 పీక్ 1980 కన్నా 14 డీబీ కిందుంది, 8000 దగ్గర 2650 పీక్ కూడా సరిగ్గా అంతే కిందుంది. చిన్నది కదా, నాయిస్ అయ్యుంటుంది అని కొట్టేయడానికి వీల్లేదు.

2650 దగ్గర నాచ్ ఫిల్టర్ పెట్టి తీసేస్తే సరిపోదా?

సరిపోదు. గడియారం సంగతి గుర్తుందా? సాంపుల్స్ తీసేశాక అసలు 2650 ఏది, మడతపడిన 5350 ఏది అన్న గుర్తు ఎక్కడా మిగలదు. నాచ్ పెడితే రెండూ పోతాయి. గంటలో నిజంగానే 2650 దగ్గర బలహీనమైన స్వరం ఉండుంటే దాన్ని కూడా మీరే చంపేసినట్టు. నా ఫైల్లో అక్కడ ఏమీ లేదు కాబట్టి గ్రాఫు అందంగా కనిపిస్తుంది, కానీ అది అదృష్టం, పద్ధతి కాదు. ఫిల్టర్ ముందు, సాంపుల్స్ తీయడం తర్వాత. ఈ వరస తిరగేయడానికి లేదు.

మరి ఏది వాడాలి: `downsample`, `decimate`, `resample`?

`downsample` పేరు చూసి చాలామంది మోసపోతారు. అది నేను చేసిన పనే చేస్తుంది, ఫిల్టర్ వేయదు. `decimate` ముందు లోపాస్ ఫిల్టర్ వేసి, తర్వాత సాంపుల్స్ తీస్తుంది. `resample` కూడా ఫిల్టర్ వేస్తుంది. 44100 నుంచి 8000కి వెళ్లాలంటే పూర్ణాంకంతో భాగించలేం కాబట్టి అక్కడ అదే దిక్కు:

```matlab
y1 = decimate(x, 6);
y2 = resample(z, 80, 441);   % z: 44100 దగ్గర రికార్డు
```

వైవాలో అడుగుతారు కాబట్టి `decimate` లోపల ఏముందో తెలిసి ఉండటం మంచిది. ఏమీ చెప్పకపోతే అది 8వ ఆర్డర్ చెబిషెవ్ టైప్ 1 ఫిల్టర్ వాడుతుంది. కటాఫ్‌ని కొత్త సగం రేటులో 0.8 వంతు దగ్గర పెడుతుంది, మన లెక్కలో 3200 హెర్ట్జ్. ఆ ఫిల్టర్‌ని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి నడుపుతుంది, అందువల్ల ఫేజ్ చెదరదు. రెండుసార్లు నడవడంతో 5350 దగ్గర తగ్గుదల 100 డీబీ దాటుతుంది. నా ఫోన్ రికార్డింగ్ నాయిస్ అంతకన్నా చాలా పైనే ఉంటుంది కాబట్టి దొంగ పీక్ మునిగిపోయింది.

దీనికో మూల్యం ఉంది. 3200 నుంచి 4000 మధ్యలో ఉన్న నిజమైన స్వరాలు కూడా తగ్గుతాయి. 3600 దగ్గర మీ గంటకి అసలైన పీక్ ఉంటే అది సుమారు 20 డీబీ పడిపోతుంది. మా పార్ట్‌నర్ ఇత్తడి గ్లాసు కొట్టి రికార్డు చేశాడు. `decimate` వాడాక వాడి రెండో పీక్ కనిపించకపోయేసరికి “నాదీ ఎలియాసింగే” అని సంబరపడ్డాడు. వాడి పీక్ 3700 దగ్గర ఉంది, 4000 లోపలే. అది దొంగ కాదు, ఫిల్టర్ అంచున నలిగిన మంచిది. 4 పెట్టి 12000 దగ్గర చూస్తే చక్కగా కనిపించింది. అంటే `decimate` తర్వాత పీక్ పోయిందంటే అది దొంగదే అనుకోకూడదు. అందుకే మెసేజ్‌లో దాన్ని చివర పెట్టాను, రేటు మార్చి చూసిన పరీక్షని మొదట పెట్టాను.

నా గ్రాఫులో 6020 దగ్గర కూడా పీక్ ఉంది. అదీ ఎలియాసింగా?

కాదు. మీరు `fft` మొత్తం గీశారు. నిజ సంఖ్యల సిగ్నల్‌కి రెండో సగం మొదటి సగానికి అద్దంలో బొమ్మ, 8000 − 1980 = 6020. మొదటి సగం మాత్రమే గీయండి:

```matlab
N = length(y);
f = (0:N-1)*fy/N;
Y = 20*log10(abs(fft(y.*hann(N))));
plot(f(1:N/2), Y(1:N/2))
```

నాకు పీక్ 11880 దగ్గర వచ్చింది. ఎందుకు?

1980 ఇంటూ 6. సాంపుల్స్ తగ్గించాక కూడా అక్షం మీద పాత 48000నే వాడారు. `fs` బదులు `fy` పెట్టండి.

గంట ఒకసారే కొట్టాను, వింటే రెండుసార్లు మోగుతోంది. ఇది మడతేనా?

నాకు నవ్వొచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే మొదటిసారి నాకూ అలాగే మోగింది. మీ ఫోన్ స్టీరియోలో రికార్డు చేసింది. అప్పుడు `audioread` ఇచ్చే `x`లో రెండు నిలువు వరసలుంటాయి. అలాంటి దాని మీద `x(1:6:end)` అంటే మాట్‌ల్యాబ్ మొదటి నిలువు వరస అయిపోయాక దాని కిందే రెండోది అతికించి లెక్కపెడుతుంది. ఎడమ చెవి గంట, దాని వెంటే కుడి చెవి గంట. పై కోడ్‌లో `x = x(:,1);` అన్న గీత అందుకే ఉంది.

వర్డ్‌లో అతికించాక వేవ్‌ఫాంలో లేని అలలు కనిపిస్తున్నాయి.

అది బొమ్మలో వచ్చే ఎలియాసింగ్, సిగ్నల్‌లోది కాదు. 48000 బిందువుల గ్రాఫుని నాలుగు అంగుళాల్లో ఇరికిస్తే పిక్సెళ్లు చాలవు. జూమ్ చేస్తూ చూడండి. జూమ్‌తో పాటు ఆ అలలు మారిపోతుంటే బొమ్మదే దోషం. 20 మిల్లీసెకన్ల ముక్క మాత్రమే గీసి పెడితే తీరిపోతుంది.

ఫోన్ రికార్డు చేసేటప్పుడే మడతపడి ఉండొచ్చు కదా? 5350 మాత్రం నిజమని గ్యారంటీ ఏంటి?

మంచి ప్రశ్న. మామూలుగా ఫోన్ లోపలి కన్వర్టర్‌లో 24000 పైన కోసేసే ఫిల్టర్ ఉంటుంది, అందుకే దాన్ని నమ్ముతాం. ఇంకా అనుమానముంటే అదే గంటని 44100 పెట్టి మళ్లీ రికార్డు చేయాలి. నేను చేశాను, పీక్ 5350 దగ్గరే వచ్చింది. రికార్డింగ్‌లోనే మడతపడి ఉంటే రేటు మారగానే అదీ జరిగేది. ఒక జాగ్రత్త: ఫైలుని వాట్సాప్‌లో వాయిస్‌గా పంపుకోవద్దు, కంప్రెస్ అయి పై స్వరాలు దెబ్బతింటాయి. డాక్యుమెంట్‌గా పంపుకోండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి.

మెసేజ్‌తో పాటు ఏం జతచేయాలి?

రెండు గ్రాఫులు చాలు. 48000 దగ్గర స్పెక్ట్రం ఒకటి, దాని కిందే 4, 5, 6 పెట్టిన మూడు స్పెక్ట్రాలు ఒకే అక్షం మీద ఇంకోటి. అక్షం అన్నిటికీ 0 నుంచి 6000 వరకు ఒకేలా ఉంచండి. `plot` తనంతట తాను అక్షం సర్దుకోనిస్తే పీక్ జరగడం కంటికి ఆనదు. `xlim([0 6000])` పెడితే సార్ ఒక్క చూపులో పట్టేస్తారు. కోడ్ స్క్రీన్‌షాట్ తీసి పంపకండి, సార్ నడిపి చూడాలంటే మళ్లీ టైపు చేసుకోవాలి.

సార్ ఏమన్నారు?

ఆ రాత్రి “చూశాను” అని మాత్రమే జవాబిచ్చారు. మర్నాడు వైవాలో నా రికార్డు తెరిచి, పాత పేజీ అలాగే ఉంచమని, పక్కన సవరణ రాయమని చెప్పారు. తర్వాత ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, “7 పెట్టు. నడపకముందే పీక్ ఎక్కడొస్తుందో చెప్పు” అన్నారు. 48000ని 7తో భాగిస్తే 6857.14, అందులోంచి 5350 తీస్తే 1507. కాగితం మీద 1507 అని రాసి, 1980 మాత్రం కదలదు సార్ అన్నాను. రన్ నొక్కారు. పీక్ మీద కర్సర్ పెడితే 1507 చూపించింది.